పువ్వులకీ గళ్ళకీ పడదని ఎవరన్నారు?

హాల్లో రెండు మూడు రకాల డిజైన్లు కనిపిస్తే చాలు, "ఇదేంటి, సంతలా ఉంది" అనేస్తాం. దానికి విరుగుడుగా దుకాణం వాళ్ళు రెండు దారులు చూపిస్తారు. ఒకటి, కర్టెన్లూ కుషన్ కవర్లూ దివాన్ దుప్పటీ అన్నీ ఒకే గుడ్డలో ఉన్న సెట్టు కొనుక్కోవడం. రెండోది, అన్నీ తీసేసి గది మొత్తం బూడిద రంగులోకి, లేత గోధుమ రంగులోకి మార్చేసుకోవడం. ఈ రెండూ నాకు నచ్చవు. మొదటిది చేస్తే గది లాడ్జి గదిలా ఉంటుంది. రెండోది చేస్తే ఆ ఇంట్లో ఎవరుంటున్నారో గోడలకి కూడా తెలియదు.

నా అభిప్రాయం ఏమిటంటే, డిజైన్లు ఎక్కువైనందువల్ల గది గందరగోళంగా కనపడదు. రెండే రెండు కారణాలుంటాయి. ఒకటి, పక్కపక్కన ఉన్న రెండు డిజైన్లూ ఒకే సైజులో ఉండి, నన్ను చూడంటే నన్ను చూడని పోటీ పడటం. రెండు, ఆ డిజైన్ల వెనకాల ఉన్న గుడ్డ రంగులు ఒకదానితో ఒకటి కలవకపోవడం. ఈ రెండూ సరిచేస్తే ఐదు రకాల గుడ్డలున్నా గది ప్రశాంతంగానే ఉంటుంది. సరిచేయకపోతే రెండు రకాలు చాలు, తలనొప్పి తెప్పించడానికి.

నిజానికి ఈ లెక్క మనకి కొత్త కాదు. చీర చూడండి. ఒకే చీరలో పైట మీద పెద్ద డిజైను, అంచులో మధ్యరకం, ఒంట్లో చిన్న చిన్న బుటాలు ఉంటాయి. మూడు డిజైన్లూ వేరు వేరే. అయినా ఎవరూ దాన్ని గందరగోళం అనరు. సైజులు మూడూ మూడు రకాలు, రంగులు మాత్రం ఒక కుటుంబం కాబట్టి. కలంకారీ జాకెట్టు వేసుకునేటప్పుడు మనం ఏ మంగళగిరి చీరో, సన్నటి చారల చీరో తీస్తాం తప్ప, అంతే పెద్ద పువ్వులున్న ఇంకో చీర తియ్యం. మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చిన ఈ చూపుని కిటికీ దగ్గరికి, సోఫా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పక్కన పెట్టేస్తామో నాకు అర్థం కాదు.

ముందు సైజు సంగతి చూద్దాం. ఇక్కడ సైజు అంటే గుడ్డ సైజు కాదు, దాని మీద ఉన్న పువ్వు సైజు. ఇంట్లో కొలవడానికి మన చెయ్యి చాలు. జానెడంత గానీ అంతకంటే పెద్దగా గానీ ఉన్న డిజైను పెద్దది. అరచేతిలో పట్టేది మధ్యరకం. వేలి గోరంత ఉన్నది చిన్నది. పెద్దది ఒకటి, మధ్యరకం ఒకటి, చిన్నవి ఎన్నయినా. ఇదీ నా లెక్క. చిన్నవి ఎన్నయినా అని ఎందుకంటున్నానంటే, మనం సోఫాకి ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడితే గోరంత బుటాలు విడివిడిగా కనపడవు. అవన్నీ కలిసిపోయి ఒక రంగుగా కనిపిస్తాయి. సన్నటి చారలూ, చిన్న గళ్ళూ అంతే. దగ్గరికెళ్తే డిజైను, దూరం నుంచి దాదాపు ప్లెయిన్. అందుకే పువ్వుల కర్టెను పక్కన ఏం పెట్టాలో తోచకపోతే సన్న చారలు పెట్టండి. పువ్వు వంపులు తిరుగుతుంది, చార నిటారుగా ఉంటుంది. ఇద్దరి పనీ వేరు కాబట్టి పోటీ ఉండదు.

పోటీ వచ్చేదల్లా ఇద్దరిదీ ఒకే పని అయినప్పుడే. అరచేతంత పువ్వులున్న కర్టెను పక్కన అరచేతంత డైమండ్లున్న కుషన్లు పెట్టామనుకోండి, కన్ను ఇటు పోవాలో అటు పోవాలో తెలియక అలిసిపోతుంది. రెండు గుడ్డలూ విడివిడిగా ఎంత అందమైనవైనా సరే. "రెండూ చేనేతే కదా, రెండూ మంచివే కదా" అంటే కుదరదు. ఇద్దరు మంచి గాయకులు ఒకే వేదిక మీద ఒకేసారి రెండు వేర్వేరు పాటలు పాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

సైజు చూసేటప్పుడు ఇంకో మాట మర్చిపోకూడదు. దుకాణంలో గుడ్డని బల్ల మీద పరిచి చూపిస్తారు. కర్టెను మాత్రం కిటికీకి ముడతలు పడి వేలాడుతుంది. నాలుగడుగుల కిటికీకి కనీసం ఏడెనిమిది అడుగుల వెడల్పు గుడ్డ వేస్తేనే కుచ్చులు నిండుగా వస్తాయి. అంటే డిజైనులో సగం మడతల్లోకి పోతుంది. పెద్ద చెట్టు, చెట్టు మీద నెమలి ఉన్న గుడ్డని కుచ్చులు పోస్తే నెమలి తల ఒక మడతలో, తోక ఇంకో మడతలో ఉంటుంది. అందుకని దుకాణంలోనే గుడ్డని రెండు చేతులతో కుచ్చులుగా పట్టుకుని, అమ్మాయికి ఇచ్చి, పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడాలి. అప్పుడు కనిపించేదే మీ కర్టెను. బల్ల మీద కనిపించింది కాదు.

డిజైను పెద్దదయ్యే కొద్దీ గుడ్డ కూడా ఎక్కువ పడుతుంది. ఒక పువ్వు మళ్ళీ అదే పువ్వు రావడానికి 24 అంగుళాలు పడుతుందనుకోండి. రెండు పరదాల్లోనూ పువ్వులు ఒకే ఎత్తులో రావాలంటే ప్రతి పరదానీ అదే పువ్వు దగ్గర మొదలుపెట్టి కత్తిరించాలి. 90 అంగుళాల పరదాకి 96 అంగుళాలు కొనాల్సి వస్తుంది. అలా చెయ్యకపోతే ఒక పువ్వు పైకీ ఒకటి కిందికీ కనిపించి, డిజైను మంచిదే అయినా గది వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది. చెక్క అచ్చులతో వేసే పెడన కలంకారీలో ఈ గొడవ తక్కువ. అచ్చు చేత్తో పట్టుకునేంతే ఉంటుంది కాబట్టి సాధారణంగా డిజైను త్వరత్వరగా తిరిగొస్తుంది, గుడ్డ పెద్దగా పాడవదు.

ఇక రెండో కారణం. నా దృష్టిలో ఇదే అసలైనది, మనం చాలామందిమి గమనించనిది కూడా ఇదే. గుడ్డ చూడగానే మనం పువ్వు రంగు చూస్తాం. ఎర్ర పువ్వు ఉంది కాబట్టి ఎర్ర కుషను సరిపోతుంది అనుకుంటాం. కానీ గుడ్డలో ఎక్కువ చోటు ఆక్రమించేది పువ్వు కాదు, పువ్వుల వెనకాల ఉన్న రంగు. చీర భాషలో చెప్పాలంటే ఒంటి రంగు. రెండు గుడ్డల ఒంటి రంగు కలిస్తే, వాటి మీద డిజైన్లు ఎంత వేరైనా ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. ఒంటి రంగు కలవకపోతే పువ్వుల రంగులు అచ్చంగా సరిపోయినా లాభం లేదు.

ముఖ్యంగా తెలుపు దగ్గర మోసపోతాం. "తెలుపే కదా, దేనికైనా నప్పుతుంది" అంటారు. తెలుపు ఒకటి కాదు. సహజ రంగులతో వేసే కలంకారీ గుడ్డని అద్దకానికి ముందు కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన నీళ్ళతో నలుపు, పటికతో కలిసిన ఎరుపు గుడ్డకి గట్టిగా పట్టేది ఆ కరక్కాయ వల్లే. ఆ పనిలో గుడ్డకి లేత పసుపు ఛాయ వస్తుంది. అందుకే మంచి కలంకారీలో తెలుపు అంటే మీగడ రంగు. దాని పక్కన మిల్లులో బాగా చలువ చేసిన, నీలం వేసినట్టు మెరిసే పాల తెలుపు గుడ్డ పెట్టి చూడండి. కలంకారీ మాసిపోయినట్టు, పాల తెలుపు ఆస్పత్రి దుప్పటిలా కనిపిస్తాయి. రెండింటిలోనూ తప్పు లేదు. పక్కపక్కన పెట్టడంలోనే తప్పు. ఇప్పుడు కలంకారీ పేరుతో తెల్లటి గుడ్డ మీద రసాయన రంగులతో వేసినవి కూడా బాగా వస్తున్నాయి కాబట్టి పేరు చూసి కాదు, గుడ్డ చూసి ఒంటి రంగు నిర్ణయించుకోవాలి.

ఈ తేడా దుకాణం లైట్ల కింద తెలియదు. పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర, రెండు గుడ్డల అంచులూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే వెంటనే తెలుస్తుంది. కర్టెను నుంచి మిగిలిన చెయ్యెడు ముక్కని పర్సులో వేసుకుని వెళ్ళడం అందుకే మంచిది. జాకెట్టు ముక్కకి మ్యాచింగ్ వెతకడానికి చీర పట్టుకెళ్ళమూ? అలాగే.

ఇదంతా మాటల్లో కాకుండా ఒక ఇంట్లో ఎలా జరిగిందో చెప్తాను. విజయవాడలో మా చెల్లెలి ఫ్లాటు. హాలు 12 అడుగులకి 14. గోడలు, నేల టైల్సు రెండూ మీగడ రంగు, సోఫా ముదురు బూడిద రంగు గుడ్డ. వాళ్ళ అత్తగారిది హనుమకొండ. ఆవిడ వస్తూ వస్తూ వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి తెచ్చి హాల్లో పరిచింది. ముదురు ఎరుపు, ముదురు నీలం, మీగడ రంగుల్లో చారలు, ఆ చారల మధ్య అరచేతంత మెట్ల మెట్ల డిజైన్లు. కిటికీకి పెడన కలంకారీ కర్టెన్లు మా చెల్లెలు ఇష్టపడి కుట్టించుకున్నవి. మీగడ ఒంటి మీద జానెడంత పువ్వుల గుత్తులు, వాటి మధ్య చిలకలు, రంగులు మెరూను, నలుపు, ఆవపిండి పసుపు. సోఫా మీద ఐదు కుషన్లు. మూడు గృహప్రవేశానికి ఆడపడుచు ఇచ్చిన పోచంపల్లి ఇక్కత్‌వి, పాల తెలుపు మీద ఎరుపు, నలుపు డైమండ్లు. రెండు వాళ్ళాయన ఆన్‌లైన్లో తెప్పించిన నెమలి నీలం వెల్వెట్వి, మీద చమ్కీలు.

చూడండి, అందులో ఒక్కటీ చెడ్డ వస్తువు కాదు. ఒక్కొక్కటీ ఒక్కొక్కరు ప్రేమగా తెచ్చింది. మన ఇళ్ళల్లో గదులు ఇలాగే తయారవుతాయి, ఎవరూ ఒక్క రోజున కూర్చుని డిజైన్ చెయ్యరు. అందుకే "అన్నీ తీసేసి కొత్త సెట్టు వెయ్యండి" అనే సలహా నాకు కోపం తెప్పిస్తుంది. ఇంటీరియర్ అబ్బాయి ఒకతను వచ్చి సరిగ్గా అదే చెప్పాడు. కర్టెన్లు బూడిద రంగు, కుషన్లు బూడిద రంగు, కింద బూడిద రంగు తివాచీ. జంపఖానా బాల్కనీలోకి. పక్కగదిలోంచి అత్తగారు విననే విన్నారు. "నా జంపఖాన బయట ఏస్తరా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారట. ఆ రాత్రే మా చెల్లెలు ఫోను చేసింది, "అక్కా, నువ్వొకసారి రా" అని.

వెళ్ళాక మేం చేసిన మొదటి పని కొనడం కాదు, తియ్యడం. కుషన్లు, జంపఖానా, టీవీ మీద కప్పిన లేసు గుడ్డ, టీపాయ్ మీది ప్లాస్టిక్ పూల షీటు అన్నీ లోపలికి పంపేసి, గోడలూ సోఫా కర్టెన్లూ మాత్రమే ఉంచాం. కర్టెన్లే ఎందుకు ఉంచామంటే, గదిలో నిలువుగా ఎక్కువ చోటు ఆక్రమించేవి అవే, ఎక్కువ రంగులున్నవీ అవే. ఎక్కువ రంగులున్న దాన్ని పెద్దగా ఒప్పుకుంటే మిగతా వాటిని దానిలోంచి ఏరుకోవచ్చు. తక్కువ రంగులున్న దాన్ని పెద్దగా పెట్టుకుంటే మిగతావన్నీ బయటివాళ్ళే అవుతాయి.

తర్వాత ఒక్కొక్క వస్తువునీ తెచ్చి, పగటి పూట, కర్టెను అంచు మీద ఆనించి చూశాం. ఇక్కత్ కుషన్లు పెట్టగానే సంగతి తెలిసిపోయింది. డైమండ్లు అరచేతంత ఉన్నాయి, పువ్వుల పక్కన పోటీకి దిగాయి. దానికి తోడు పాల తెలుపు ఒళ్ళు కర్టెను మీగడని మురికిగా చూపించింది. ఎరుపు కూడా ఇందులో మిరపపండు ఎరుపు, అందులో మెరూను. ఇక్కత్‌లో నూలుని ముందే కట్లు కట్టి రంగు వేసి తర్వాత నేస్తారు కాబట్టి డైమండు అంచులు చెదిరినట్టు మెత్తగా ఉంటాయి. అది దాని అందం. కానీ నల్లటి గట్టి గీతతో ఉన్న కలంకారీ పక్కన పెడితే ఆ మెత్తదనం కాస్తా అస్పష్టంగా మారిపోయింది. ఆ మూడింటినీ పడకగదిలోకి పంపాం. అక్కడ దుప్పటి పాల తెలుపు, గోడ ఖాళీ. అక్కడ అవే పెద్దవాళ్ళు, హాయిగా రాజ్యం చేస్తున్నాయి. నెమలి నీలం వెల్వెట్లు పిల్ల గదికి వెళ్ళాయి. అది చమ్కీలు చూసి ఎగిరి గంతేసింది కూడా.

జంపఖానా దగ్గర ఆగి ఆలోచించాం. దాని డిజైను మధ్యరకం, కర్టెనుది పెద్దది. కాబట్టి సైజు తగువు లేదు. ఒళ్ళు మీగడ, కర్టెనుతో కలిసింది. ముదురు ఎరుపు మెరూనుకి దగ్గర చుట్టం. ఇక మిగిలింది ముదురు నీలం. ఆ నీలం కర్టెనులో లేదు, గోడలో లేదు, గదిలో ఇంకెక్కడా లేదు. ఒక రంగు గదిలో ఒక్కచోటే ఉంటే అది దారితప్పి వచ్చినట్టు ఉంటుంది. ఇంకోచోట కూడా కనిపిస్తే, కావాలని పెట్టినట్టు ఉంటుంది. కాబట్టి జంపఖానా తియ్యక్కర్లేదు, ఆ నీలానికి ఒక తోడు కావాలి అంతే.

అప్పుడు బజారుకి వెళ్ళాం. కొన్నది మొత్తం రెండు మీటర్ల గుడ్డ. ఒక మీటరు ముదురు నీలం చేనేత కాటన్, ఏ డిజైనూ లేనిది. ఒక మీటరు మీగడ మీద సన్నటి మెరూను చారలు. 44 అంగుళాల పన్నా గుడ్డయితే 16 అంగుళాల కుషనుకి ముందు వైపు, వెనక మడత పెట్టి మూసే వైపు కలిపి అర మీటరులో ఒక కవరు వస్తుంది. అలా నీలం రెండు, చారలవి రెండు కుట్టించాం. ఐదోది కర్టెను కుట్టగా మిగిలిన కలంకారీ ముక్కతో. దానికి ఒక గుత్తి సరిగ్గా మధ్యలో వచ్చేలా కాగితం చదరంగా కత్తిరించి గుడ్డ మీద పెట్టి చూసుకున్నాకే కత్తెర వేయించాం. లేకపోతే టైలరు గుడ్డ మిగల్చాలని ఏ మూల నుంచో కోస్తాడు, చిలకకి తల పోతుంది. సోఫా మీద ఈ కలంకారీ కుషను ఒక్కటే ఉండాలి. కర్టెను గుడ్డతోనే ఐదూ కుట్టించి ఉంటే మళ్ళీ ఆ సెట్టు గొడవలోకే వచ్చేవాళ్ళం. ఒక్కటి ఉంటే కర్టెనుకీ సోఫాకీ మధ్య చుట్టరికం తెలుస్తుంది, చాలు.

జంపఖానా పరిచే చోటు కూడా కొంచెం జరిపాం. ఇంతకుముందు గది నడిమధ్యన, సోఫాకి తగలకుండా, పెద్ద గుమ్మం పట్టాలా పడి ఉండేది. ఇప్పుడు సోఫా ముందు కాళ్ళు దాని మీదకి వచ్చేలా లాగి, దాని మీద టీపాయ్ పెట్టాం. ఇక్కడ ఒక్క విషయం. నడుమ పెద్ద పువ్వు ఉన్న తివాచీ అయితే టీపాయ్ కింద ఆ పువ్వు దాగిపోయి అంచులు మాత్రం మిగులుతాయి, ఏదో తప్పిపోయినట్టు ఉంటుంది. చారల జంపఖానాకి ఆ బాధ లేదు. ఎక్కడ కప్పినా మిగిలింది సరిగ్గానే కనిపిస్తుంది. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది వచ్చిందని కాదు గానీ, కాళ్ళ కింద నలిగే గుడ్డకి ఇంత బలమైన రంగూ, ఇంత సూటి గీతా ఉండటం ఎంత తెలివైన పనో ఆ రోజు బాగా తెలిసింది.

సాయంత్రం అత్తగారు వచ్చి సోఫాలో కూర్చుని కాసేపు చూశారు. "గిప్పుడు మంచిగున్నదమ్మా. నా జంపఖాన కండ్లవడుతున్నది" అన్నారు. నిజమే. ఇంతకుముందూ అది అక్కడే ఉండేది. కానీ ఐదుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి మాటా వినపడనట్టు, ఎవరికీ కనపడేది కాదు.

ఒక్కటి మాత్రం ఆ రాత్రికి కుదరలేదు. తెల్లటి ట్యూబులైటు వెయ్యగానే కర్టెను మీగడ రంగు పాలిపోయి, కొంచెం పచ్చటి ఛాయ కొట్టింది. మెరూను నల్లబడింది. సహజ రంగులు నీలి ఛాయ ఉన్న తెల్లటి వెలుతురులో ఇలాగే దిగులుగా ఉంటాయి. సోఫా పక్కన పసుపు ఛాయ బల్బు ఒకటి పెట్టాక సర్దుకుంది. గుడ్డలు పగలు చూసి కొన్నా, రాత్రి ఒకసారి ఇంట్లో లైటు కింద చూశాకే కుట్టుకి ఇవ్వాలి. హాల్లో మనం ఎక్కువసేపు కూర్చునేది రాత్రి పూటే కదా.

ఇదంతా చదివి, "అమ్మయ్య, ఇక ఎన్ని డిజైన్లయినా వెయ్యొచ్చు" అని అనుకోకండి. దీనికి హద్దులున్నాయి. గుడ్డల మీద ఉన్నవే డిజైన్లు కావు. షోకేసులో బొమ్మలు, గోడ మీద కాలెండర్లు, ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్లు, పిల్లల పుస్తకాల అర, కిటికీ గ్రిల్లులో వంపులు, ఇవన్నీ కంటికి డిజైన్లే. హాలే వంటగదీ, హాలే చదువుకునే గదీ అయిన చిన్న ఇంట్లో ఆ సామానే ఒక పెద్ద ప్రింటు. అక్కడ కర్టెన్లు ప్లెయిన్‌గా వేసి, ఒక్క జంపఖానాకో రెండు కుషన్లకో డిజైను పరిమితం చెయ్యడమే మంచిది. ఆ మాట ఒప్పుకుంటాను. ప్లెయిన్ వద్దని నేను అనడం లేదు. మా చెల్లెలి హాల్లో కూడా గోడలు, నేల, సోఫా, రెండు కుషన్లు ప్లెయినే. డిజైన్లకి ఊపిరాడింది వాటివల్లే.

నేల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మొజాయిక్ నేల, చుక్కల గ్రానైటు చిన్న డిజైన్ల కిందకి వస్తాయి, దూరం నుంచి కలిసిపోతాయి, భయం లేదు. పాత ఇళ్ళల్లో పువ్వులూ నక్షత్రాలూ ఉన్న రంగు రంగుల సిమెంటు పలకలుంటే మాత్రం ఆ గదికి పెద్ద డిజైను అదే. దాని మీద మళ్ళీ డిజైను తివాచీ పరచడం పట్టుచీర మీద పట్టు శాలువా కప్పుకోవడమే. కర్టెన్లు కూడా అప్పుడు సన్న చారలతో సరిపెట్టుకోవాలి.

పడమటి ఎండ నేరుగా పడే కిటికీకి కలంకారీ వేసేటప్పుడు వెనక పల్చటి మీగడ రంగు కాటన్ అస్తరు వేయించండి. లేకపోతే రెండు మూడు వేసవుల్లో కిటికీ వైపు రంగు వెలిసిపోయి, మీరు అంత జాగ్రత్తగా కలిపిన మెరూను కాస్తా గులాబీ అవుతుంది. అప్పుడు కుషను మీద మెరూను, కర్టెను మీద గులాబీ, మళ్ళీ మొదటికే వస్తుంది వ్యవహారం. కొత్తగా కుట్టినవి మొదటి రెండు మూడు సార్లు విడిగా చల్లనీళ్ళలో ఉతికి నీడలో ఆరేయడం కూడా ఇందుకే.

చివరగా, అన్నీ సర్దాక సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం. గుమ్మం దగ్గర నిలబడి ఫోనుతో గది ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగు పోయాక సైజూ, ముదురూ లేతా మాత్రమే మిగులుతాయి. ఆ ఫొటోలో మీ కన్ను ముందు ఒక చోటికి పోయి, అక్కడి నుంచి తీరిగ్గా మిగతా వాటి మీదకి వెళ్తే గది కుదిరినట్టే. రెండు చోట్ల మధ్య కొట్టుకుంటోందంటే ఆ రెండింటిలో ఒకదాన్ని పక్క గదిలోకి పంపండి. పారెయ్యక్కర్లేదు. దానికి సరిపడే ఒంటి రంగు ఇంట్లో ఇంకెక్కడో ఉండే ఉంటుంది.